రెండు యూనిఫాం వేరియబుళ్ల మొత్తం: లిమిట్ల దగ్గర తప్పు చేయకుండా ఉండాలంటే

విజయనగరం కోట దగ్గర ఆటో కోసం 0 నుంచి 10 నిమిషాలు, కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు కోసం 0 నుంచి 20 నిమిషాలు ఆగాలనుకోండి. రెండూ యూనిఫాం, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ఆటో సమయం x, మొత్తం z నిమిషాలైతే z డెన్సిటీ:

f(z) = ∫ (1/10)(1/20) dx

లోపలిది 1/200, స్థిరాంకం. కాబట్టి ఇంటిగ్రల్ అంటే x తిరగగలిగే పొడవే. మా పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: అన్నిచోట్లా 0 నుంచి z వరకు వేసేస్తారు. ఆటో సమయం x 10 దాటదు, బస్సు సమయం z − x కూడా 20 దాటకూడదు. అందుకే కింది లిమిట్ max(0, z−20), పై లిమిట్ min(10, z).

z = 25 తీసుకోండి. x 5 నుంచి 10 వరకే, పొడవు 5, డెన్సిటీ 5/200 = 1/40. గీసి చూస్తే 10 వరకు ఎక్కి, 20 వరకు 1/20 దగ్గర సమంగా సాగి, 30కి సున్నాకి దిగుతుంది. 30 దగ్గర సున్నా రాలేదంటే లిమిట్లు తప్పినట్టే. వైశాల్యం కూడా చూడండి: (30+10)/2 × 1/20 = 1.

వాన పడి ఆటో, బస్సు రెండూ కలిసి ఆలస్యమయ్యే రోజున మాత్రం ఈ లెక్క వాడకండి, అక్కడ స్వతంత్రత లేదు.