సిలాజిజం: బొమ్మ సరిగ్గానే వేశాం, జవాబు ఎందుకు తప్పుతోంది?

సిలాజిజం అంటే ఇచ్చిన ప్రకటనల నుంచి ఏ తీర్మానం తప్పక వస్తుందో తేల్చే ప్రశ్న. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకో ఎస్‌ఎస్‌సీ ఉద్యోగాల పరీక్షలకో ప్రిపేరయ్యే పిల్లల దగ్గర వీటి గురించి నేను తరచూ వినే మాట ఒకటుంది: "బొమ్మలో క్లియర్‌గా కనిపిస్తోంది సార్, కీలో మాత్రం రాదని ఇచ్చారు." వాళ్ల నోట్సు తీసి చూస్తే తప్పులు చాలావరకు ఒకే నాలుగు చోట్ల దొరుకుతాయి. అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయే చోటు నుంచి మొదలుపెడతాను.

సమస్య: బొమ్మలో ఉంది, కీలో లేదు

ప్రకటనలు: కొన్ని పెన్నులు పుస్తకాలు. అన్ని పుస్తకాలు సంచులు.
తీర్మానాలు: (1) కొన్ని పెన్నులు సంచులు. (2) కొన్ని పెన్నులు సంచులు కావు.

మామూలుగా అందరూ వేసే బొమ్మ ఇలా ఉంటుంది. పెన్నులకు ఒక వృత్తం, దాన్ని కాస్త కోస్తూ పుస్తకాల వృత్తం, పుస్తకాలను చుట్టేస్తూ సంచుల పెద్ద వృత్తం. పెన్నుల వృత్తంలో కొంత ముక్క సంచుల బయట మిగిలిపోతుంది. అది చూసి రెండో తీర్మానానికి కూడా టిక్ పెట్టేస్తారు. కీలో మాత్రం మొదటిదే సరైనది.

కారణం: బయట మిగిలిన ఆ ముక్క గురించి ప్రకటనల్లో ఒక్క మాట కూడా లేదు. వృత్తం గీసేటప్పుడు దానంతట అదే వచ్చింది. నిజానికి ఇలాంటి బొమ్మలను వెన్ చిత్రాలని పిలుస్తున్నాం కానీ ఇవి ఆయిలర్ వృత్తాలు. వీటిలో వృత్తాన్ని ఎక్కడో ఒక చోట గీయక తప్పదు, గీసిన వెంటనే ప్రకటన చెప్పని సంగతి కూడా చెప్పినట్టు కనిపిస్తుంది. ఇంగ్లండ్ తర్కవేత్త జాన్ వెన్ 1880లో ఇచ్చిన పద్ధతి వేరు. అందులో వృత్తాల స్థానం ఎప్పుడూ మారదు, లోపల పెట్టే గుర్తులే మారతాయి.

పరిష్కారం: మూడు వృత్తాలు ఒకదాన్నొకటి కోసుకునేలా వేయండి. లోపల ఏడు గదులు వస్తాయి. ముందు "అన్ని" ప్రకటన తీసుకోండి. పుస్తకాలన్నీ సంచులే కాబట్టి, పుస్తకాల వృత్తంలో సంచుల బయట ఉన్న రెండు గదులనూ గీతలతో కొట్టేయండి. అక్కడ ఎవరూ లేరని అర్థం. తర్వాత "కొన్ని" ప్రకటన. పెన్నులు, పుస్తకాలు కలిసే చోట కనీసం ఒకటి ఉంది, దానికి × పెట్టాలి. అక్కడ రెండు గదులున్నాయి. ఒకటి ఇప్పటికే కొట్టేశాం కాబట్టి × మూడు వృత్తాలూ కలిసే నడిమి గదిలోకి వెళ్తుంది. అది పెన్నుల్లోనూ ఉంది, సంచుల్లోనూ ఉంది. మొదటి తీర్మానం ఖాయం.

రెండోది ఖాయం కావాలంటే పెన్నుల్లో, సంచుల బయట × కనిపించాలి. అక్కడ ఒక గది కొట్టేసి ఉంది, రెండోది ఖాళీగా ఉంది. గుర్తు లేని గదిలో ఎవరైనా ఉన్నారో లేదో మనకు తెలియదు. తెలియనిది తీర్మానం కాదు.

క్రమం తప్పకూడదు: ముందు కొట్టేయడం, తర్వాత ×. ముందే × పెడితే ఏ గదిలో పెట్టాలో తేలక రెండు గదుల మధ్య గీత మీద పెట్టాల్సి వస్తుంది. గీత మీద ఉన్న ×తో ఆ రెండు గదుల్లో ఏదీ ఖాయం కాదు.

పరీక్షలో ప్రతిసారీ ఏడు గదులు వేసే టైం ఉండదు. అప్పుడు మామూలు వృత్తాలే వేయండి కానీ టిక్ పెట్టే ముందు ఒక్క పని చేయండి. ప్రకటనలు చెడకుండా ఆ తీర్మానాన్ని తప్పు చేసే ఇంకో బొమ్మ వేయగలరేమో చూడండి. ఇక్కడ పెన్నుల వృత్తాన్ని మొత్తంగా సంచుల్లోకి జరిపితే చాలు. రెండు ప్రకటనలూ నిలబడతాయి, రెండో తీర్మానం పడిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ పరీక్షల్లో "అన్ని పుస్తకాలు సంచులు" అంటే పుస్తకం ఒక్కటైనా ఉన్నట్టే లెక్క, అందుకే "కొన్ని సంచులు పుస్తకాలు" కూడా వస్తుంది. ఆధునిక తర్కశాస్త్రం అలా అనుకోదు. కాబట్టి గదుల పద్ధతిలో కొట్టేశాక, మిగిలిన పుస్తకాల భాగంలో ఒక × ఉందని గుర్తుపెట్టుకోండి.

సమస్య: "అన్నీ... కావు" వచ్చినప్పుడల్లా తప్పు

కారణం: "ఏ పెన్నూ పుస్తకం కాదు", "అన్ని పెన్నులూ పుస్తకాలు కావు" అనే వాక్యాలను తొందరలో ఒకేలా చదివేస్తారు. రెండింటికీ వృత్తాలు విడివిడిగా వేసేస్తారు.

పరిష్కారం: "తెల్లనివన్నీ పాలు కావు" అన్న మన సామెతను గుర్తుచేసుకోండి. అది విని తెల్లనిది ఏదీ పాలు కాదని ఎవరూ అనుకోరు. తెల్లగా ఉండి పాలు కానిది కనీసం ఒకటి ఉందనే అర్థం చేసుకుంటాం. అంటే అది "కొన్ని కావు" ప్రకటన: తెల్లనివాటి వృత్తంలో, పాల బయట ఒక ×, అంతే. దేన్నీ కొట్టేయకూడదు. మాట్లాడేటప్పుడు "కొన్ని తెల్లనివి పాలే" అని కూడా మనకు స్ఫురిస్తుంది, కానీ ప్రశ్నలో ఆ ముక్క ఇవ్వకపోతే తీసుకోకూడదు. "కొన్ని" విషయమూ అంతే. "కొన్ని అరటిపళ్లు పండాయి" అంటే మిగతావి పచ్చిగా ఉన్నాయని ఇంట్లో అనుకుంటాం. పరీక్షలో "కొన్ని" అంటే కనీసం ఒకటి. అన్నీ పండి ఉండవచ్చు కూడా.

సమస్య: "ఏదీ రాదు" అని పెట్టాను, జవాబు "1 లేదా 2" అట

ప్రకటనలు: అన్ని గడియారాలు బల్లలు. కొన్ని బల్లలు కుర్చీలు.
తీర్మానాలు: (1) కొన్ని గడియారాలు కుర్చీలు. (2) ఏ గడియారమూ కుర్చీ కాదు.

కారణం: ఒక్కో తీర్మానాన్ని విడిగా పరీక్షించి ఆగిపోవడం. గడియారాలకూ కుర్చీలకూ మధ్య ఏమీ తేలలేదు కాబట్టి విడిగా రెండూ పడిపోతాయి. కానీ గడియారాల్లో కుర్చీ ఒక్కటైనా ఉండాలి, లేదా ఒక్కటీ ఉండకూడదు. మూడో దారి లేదు.

పరిష్కారం: రెండూ పడిపోయాక, అవి ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసే జంటా అని చూడండి. అలాంటి జంటలు రెండే: "కొన్ని" తో "ఏదీ కాదు", "అన్నీ" తో "కొన్ని కావు". మొదటి జంటలో పేర్లు తారుమారైనా ఫరవాలేదు, "ఏ కుర్చీ గడియారం కాదు" అని ఇచ్చినా జంటే. రెండో జంటలో మాత్రం వరుస అదే ఉండాలి. "అన్ని గడియారాలు కుర్చీలు", "కొన్ని కుర్చీలు గడియారాలు కావు" అన్నవి రెండూ ఒకేసారి నిజం కావచ్చు కాబట్టి జంట కావు.

సమస్య: "మాత్రమే" ఉన్న ప్రశ్నలో "అవకాశం ఉంది" అన్న తీర్మానం తప్పుతోంది

కారణం: "కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు" అన్నదాన్ని మామూలు "కొన్ని" లాగే వేయడం. ఇందులో రెండు ప్రకటనలున్నాయి: కొన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పెన్నులు పుస్తకాలు కావు.

పరిష్కారం: రెండు × లు పెట్టండి, ఒకటి ఉమ్మడి గదిలో, ఒకటి పెన్నుల్లో పుస్తకాల బయట. ఇప్పుడు "అన్ని పెన్నులు పుస్తకాలయ్యే అవకాశం ఉంది" అంటే లేదు, బయటి × అడ్డుపడుతుంది. "అన్ని పుస్తకాలు పెన్నులయ్యే అవకాశం ఉంది" అంటే ఉంది. పుస్తకాల్లో పెన్నుల బయట ఉన్న గదిలో × లేదు కాబట్టి అది ఖాళీ అని అనుకోవడానికి అడ్డేమీ లేదు. ఇక "పెన్నులు మాత్రమే పుస్తకాలు" అంటే మళ్లీ వేరు: పుస్తకాలన్నీ పెన్నులే. "మాత్రమే" ఏ మాట పక్కన ఉందో పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ తర్వాతే వృత్తం మొదలుపెట్టండి.