ఫుట్‌బాల్ ట్రాన్స్‌ఫర్ వార్త నిజమా, పుకారా? చదివేటప్పుడే పట్టుకోవడం ఎలా?

2023 మే 9న మెస్సీ సౌదీ అరేబియా క్లబ్‌కి వెళ్లిపోతున్నాడని వార్త వచ్చింది. ఇచ్చింది ఊరూపేరూ లేని యూట్యూబ్ ఛానల్ కాదు, అంతర్జాతీయ వార్తా సంస్థ ఏఎఫ్‌పీ. డీల్ అయిపోయిందని, వచ్చే సీజన్ అక్కడే ఆడతాడని పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకాయన అన్నాడు. చివరికి మెస్సీ వెళ్లింది అమెరికా క్లబ్ ఇంటర్ మయామీకి. మరి ఆ రోజు ఆ వార్త చదివినవాళ్లు ఏం చూసి ఆగి ఉండాల్సింది?

మొదట, వార్త ఎక్కడ పుట్టిందో వెతకండి. ఆ రోజు ఇరవై సైట్లలో కనిపించినా చెప్పినవాడు ఒక్కడే, మిగతా అందరూ "ఏఎఫ్‌పీ ప్రకారం" అని ఎత్తి రాసినవాళ్లే. ఇరవై చోట్ల వచ్చింది కదా అని ఇరవై ఆధారాలు ఉన్నట్టు కాదు. ఎవరి ప్రకారమో రాయకుండా "సమాచారం అందుతోంది" అంటే ఇక అక్కడే వదిలేయొచ్చు. స్క్రీన్‌షాట్ అయితే ఆ రిపోర్టర్ అసలు అకౌంట్‌లోకి వెళ్లి ఆ పోస్ట్ ఉందో లేదో చూడండి, పేరులో ఒక అక్షరం మార్చి నకిలీ అకౌంట్లు నడిపేవాళ్లకు కొదవ లేదు.

తర్వాత, మాట ఎవరి వైపు నుంచి వచ్చిందో చూడండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మామూలు ట్రాన్స్‌ఫర్‌లో అమ్మే క్లబ్, కొనే క్లబ్, ఆటగాడి ఏజెంట్ అని మూడు పక్షాలుంటాయి, ముగ్గురికీ లీక్ చేయడానికి ఎవరి లెక్క వాళ్లకుంటుంది. 2015 వేసవి అంతా సెర్జియో రామోస్ మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్తాడని రాశారు, ఆగస్టులో చూస్తే రియల్ మాడ్రిడ్‌తోనే కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాడు. బయట గిరాకీ ఉందన్న ప్రచారం బేరం ఆడుతున్న ఆటగాడికి చేటు చేయదు కదా.

అందుకే మంచి రిపోర్టర్లు ఏజెంట్ చెప్పిన మాటను ఏజెంట్ ఆఫీసులోనే ఇంకొకరిని అడిగి నిర్ధారించుకోరు. ఇద్దరూ ఒకే నోటి నుంచి విన్నారంటే అది రెండు ఆధారాలు కాదు. అవతలి క్లబ్‌ని అడుగుతారు, ముఖ్యంగా ఆ వార్త నిజమైతే ఇబ్బంది పడేవాళ్లని. మెస్సీ విషయంలో అప్పటికి అతను ఆడుతున్న పీఎస్‌జీ క్లబ్ వైపు నుంచి వచ్చిన జవాబల్లా జూన్ 30 వరకు కాంట్రాక్ట్ ఉందని మాత్రమే. ఆ తేదీ దాటితే అతను ఫ్రీ, అమ్మే క్లబ్బే ఉండదు, అంటే సంతకం పెట్టాల్సింది మెస్సీ వైపు వాళ్లే. వాళ్లు అవునన్నట్టు ఆ వార్తలో ఎక్కడా లేదు.

ఇప్పుడు, డీల్ ఏ దశలో ఉందో చదవండి. క్లబ్బుల మధ్య ధర కుదరాలి, ఆటగాడికి జీతం నచ్చాలి, మెడికల్, అంటే ఆరోగ్య పరీక్షలు, అవ్వాలి, సంతకాలు, రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి. ఎక్కడైనా ఆగిపోవచ్చు. 2013లో విలియన్ టోటెన్‌హామ్‌లో మెడికల్ కూడా చేయించుకుని చెల్సీలో చేరాడు! చాలా పుకార్లు గాల్లోంచి పుట్టినవి కావు, మొదటి మెట్టు మీద ఉన్నదాన్ని ఆఖరి మెట్టు మీద ఉన్నట్టు రాసినవే. ఏఎఫ్‌పీ వార్తలోనే చూడండి, డీల్ అయిపోయిందన్న ఆ మనిషే చిన్న చిన్న వివరాలు ఇంకా ఖరారు చేస్తున్నామని కూడా అన్నాడు. అంటే అవ్వలేదనే కదా. హెడ్డింగుల్లోకి మాత్రం మొదటి ముక్కే ఎక్కింది.

ఖండన వస్తే దాన్నీ అంతే జాగ్రత్తగా చదవాలి. అదే రోజు మెస్సీ తండ్రి హోర్హే, అతనే ఏజెంట్ కూడా, ఏ క్లబ్‌తోనూ సంతకం గానీ, నోటిమాట గానీ, ఒప్పందం గానీ లేదని, సీజన్ ముగిసేదాకా నిర్ణయం ఉండదని స్పష్టంగా చెప్పాడు. తన పేరుతో, ఇన్ని తలుపులు మూసేస్తూ చెప్పిన మాటకు బరువుంటుంది. అయినా ఆయన ఒప్పందం లేదన్నాడు గానీ ఎవరూ ఆఫర్ ఇవ్వలేదనలేదు. ఆఫర్ నిజంగానే ఉంది, సౌదీ క్లబ్ అల్ హిలాల్ నుంచి. "ప్రస్తుతానికి", "మా దృష్టి మ్యాచ్ మీదే" లాంటి మాటలు వినబడితే మాత్రం అది ఖండన కాదు, తప్పించుకోవడం.

జూన్ 7న మెస్సీ రెండు స్పానిష్ పత్రికలతో మాట్లాడుతూ మయామీకి వెళ్తున్నానని తానే ప్రకటించాడు, పైగా ఇంకా నూటికి నూరు శాతం పూర్తవ్వలేదని కూడా అన్నాడు. క్లబ్ అధికారిక ప్రకటన వచ్చింది జూలై 15న. సాక్షాత్తూ ఆటగాడు నోరు విప్పాక కూడా ఐదు వారాలు పట్టిందన్నమాట.