ఇళ్లు కట్టించే సివిల్ ఇంజనీరు యూట్యూబ్ ఛానల్ ఎలా మొదలుపెట్టాలి?

మీరు జిల్లా కేంద్రంలో ఇళ్ల ప్లాన్లు గీస్తూ, సైటు పనులు చూసుకునే సివిల్ ఇంజనీరు అనుకుందాం. ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది మేస్త్రీని మాట్లాడుకుంటారు గానీ ఇంజనీరు దగ్గరికి రారు. ఇంజనీరు ఏం చేస్తాడో వాళ్లకు ఎవరూ చూపించకపోవడమే దానికి కారణం. ఆ పని చూపించడానికే ఈ ఛానల్. లక్షల మంది చూడనక్కర్లేదు. మీ చుట్టుపక్కల మండలాల్లో ఈ ఏడాది ఇల్లు మొదలుపెట్టబోయేవాళ్లు చూస్తే చాలు. కింద చెప్పినవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

1. టాపిక్‌లు ఫోన్‌లో వెతకండి

మీ వాట్సాప్ తెరిచి, పార్టీలు మీకు పంపిన ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఒక పుస్తకంలో రాసుకోండి. "స్లాబ్‌కి నీళ్లు ఎన్ని రోజులు కొట్టాలి సార్?", "పిల్లర్‌కి ఇనుము ఇంతేనా?", "150 గజాల్లో పార్కింగ్ వస్తుందా?" ఒక్కో ప్రశ్న ఒక్కో వీడియో. రెండు ప్రశ్నలు కలిపేస్తే ఏదీ వెతుకులాటలో దొరకదు.

తర్వాత యూట్యూబ్ వెతికే పెట్టెలో ఆ ప్రశ్న సగం టైప్ చేసి, కింద ఏం వస్తున్నాయో చూడండి. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు. అందుకని టైటిల్ తెలుగులో పెట్టి, డిస్క్రిప్షన్ మొదటి వరుసలో `slab curing enni rojulu cheyali` లాంటి మాట కూడా రాయండి. టైటిల్‌కి 100 అక్షరాల దాకా చోటున్నా ఫోన్‌లో మొదటి భాగమే కనిపిస్తుంది. ప్రశ్న ముందు రావాలి, మీ ఛానల్ పేరు చివర ఉన్నా ఫర్వాలేదు.

2. ఒక వీడియో మొదటి నుంచి చివరి దాకా

స్లాబ్ క్యూరింగ్ వీడియోనే తీసుకుందాం. స్లాబ్ వేసిన మర్నాడు ఉదయం సైటుకి వెళ్లండి. పైన గట్లు కట్టి నీళ్లు నిలబెట్టిన చోట నిలబడి, మొదటి వాక్యంలోనే జవాబు చెప్పేయండి: "బస్తా మీద పీపీసీ అని ఉంటే కనీసం పది రోజులు, ఎండలు మండుతుంటే పద్నాలుగు రోజులు స్లాబ్ తడి ఆరకూడదు." ఇది ఐఎస్ 456 కోడ్ చెప్పే లెక్క. మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం ఏడు రోజులు, ఎండలు మండే రోజుల్లో దానికీ పది.

జవాబు ముందే చెప్పేస్తే వీడియో ఆపేసి వెళ్లిపోతారేమో అన్న భయం వద్దు. ఇల్లు కట్టేవాడికి అసలు సందేహాలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఎందుకు అన్ని రోజులు? నీళ్లు అందకపోతే సిమెంటు పూర్తిగా గట్టిపడదు, పైపొర ఆరిపోయి సన్నటి పగుళ్లు వస్తాయి. రోజుకు రెండుసార్లు పైపుతో తడిపితే సరిపోదా? మధ్యాహ్నానికి స్లాబ్ ఆరిపోతే ఆ తడిపినదానికి పెద్దగా ఫలితం ఉండదు. పక్కనే ఆరి తెల్లబడిన బీమ్ అంచు ఉంటే కెమెరా దగ్గరగా పెట్టి చూపించండి. పిల్లర్లకు తడి గోనెపట్టాలు చుట్టిన తీరు కూడా చూపించండి. ఆరేడు నిమిషాల్లో ఇదంతా వచ్చేస్తుంది.

"హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ ఛానల్" అని మొదలుపెట్టి, మ్యూజిక్ వేసి, లోగో తిప్పితే మొదటి అర నిమిషం అక్కడే పోతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియోని ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చూపే గ్రాఫ్ తెరిస్తే, మొదట్లోనే గీత ఎలా కిందికి పడిందో మీకే కనిపిస్తుంది.

మామూలు ఫోన్ కెమెరా సరిపోతుంది. డబ్బులు పెట్టాల్సింది కాలర్ మైక్ మీద. సైటులో మిల్లర్ తిరుగుతుంటే, గాలి వీస్తుంటే మాట వినపడదు, మాట వినపడని వీడియోని ఎవరూ చూడరు. మైక్‌కి గాలి ఆపే స్పాంజి తొడగండి, మిల్లర్ ఆగాక మాట్లాడండి. ఇంటి యజమానిని ముందే అడిగి ఒప్పుకున్నాకే షూట్ చేయండి, డోర్ నంబరు, వాళ్ల ముఖాలు పడకుండా చూసుకోండి.

3. ఎంతవరకు చెప్పాలి?

అన్నీ చెప్పేస్తే మనల్ని ఎవరు పిలుస్తారని చాలామంది వెనకాడతారు. పద్ధతి మొత్తం చెప్పండి, డిజైన్ మాత్రం చెప్పకండి. హద్దు అక్కడే. "మాది 20 బై 40 స్థలం, పిల్లర్‌కి ఎన్ని రాడ్లు వేయాలి?" అని కామెంట్ వస్తుంది. నేల ఎలాంటిదో, ఎన్ని అంతస్తులో, పిల్లర్ల మధ్య దూరం ఎంతో తెలియకుండా అంకె చెబితే, దాన్ని పట్టుకుని ఎక్కడో ఒక ఇల్లు లేస్తుంది. అంకె ఇవ్వకండి. ఆ అంకె ఏయే విషయాల మీద ఆధారపడుతుందో వివరించండి. ఆ వివరణ చూశాకే ఇంజనీరు ఎందుకు కావాలో చాలామందికి అర్థమవుతుంది, ఫోన్ కూడా అక్కడి నుంచే వస్తుంది.

డిస్క్రిప్షన్‌లో మీరు ఏ పనులు చేస్తారో, ఏ ఊళ్ల దాకా వస్తారో రాసి, పనికి వేరే నంబరు పెట్టండి. ఈ పద్ధతి అన్ని వృత్తులకూ పనికిరాదు. లాయర్లు ప్రకటనలతో పని తెచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలున్నాయి, చార్టర్డ్ అకౌంటెంట్లకీ వాళ్ల సంస్థ నియమాలున్నాయి. వాళ్లు ముందు అవి చదువుకోవాలి.

4. తోటి పనివాళ్లని వీడియోలోకి తీసుకురండి

స్లాబ్ వేసే ముందు రోజు ఎలక్ట్రీషియన్ పైపులు పరుస్తాడు. ఫ్యాన్ బాక్సులు ఎక్కడ రావాలో, కాంక్రీటు పోసేటప్పుడు పైపులు కదలకుండా ఎలా కట్టాలో అతన్నే చెప్పనివ్వండి. ప్లంబర్‌తో బాత్‌రూమ్ వాలు గురించి, మట్టి పరీక్ష చేసేవాళ్లతో నేల గురించి ఒక్కో వీడియో చేయండి. వాళ్లు ఆ వీడియోని తమ పార్టీలకు పంపుకుంటారు, ఇంజనీరు ఎవరైనా ఉన్నారా అని అడిగితే మీ పేరు చెబుతారు. సబ్‌స్క్రైబర్ల కంటే ఈ దారిలో వచ్చే పనులే గట్టివని నా అభిప్రాయం.

5. ఆగకుండా నడవాలంటే

వారానికి మూడు వీడియోలని మొదలుపెట్టిన ఇంజనీరు, రెండు సైట్లలో ఒకేసారి స్లాబ్ పడితే ఆపేస్తాడు. నెలకు రెండు చాలు. ఇంటి పనిలో మార్కింగ్, ఫుటింగ్, ప్లింత్ బీమ్, పిల్లర్లు, గోడలు, స్లాబ్, ప్లాస్టరింగ్ అని దశలుంటాయి. ఎలాగూ సైటుకి వెళ్లే రోజునే షూట్ పెట్టుకుంటే ఒక్క ఇంటితో కొన్ని నెలలు నడుస్తుంది. నాలుగు వీడియోలు చేతిలో ఉంచుకుని మొదటిది పెట్టండి, పని ఒత్తిడి పెరిగినప్పుడు అవి ఆదుకుంటాయి.

ఏది ఎప్పుడు పెట్టాలో మన పంచాంగమే చెబుతుంది. ఆషాఢంలో శంకుస్థాపనలు పెద్దగా ఉండవు, శ్రావణంలో మళ్లీ మొదలవుతాయి. అంటే ఆషాఢంలో జనం ప్లాన్లు, పర్మిషన్లు, ఖర్చుల గురించి వెతుకుతుంటారు. ఆ వీడియోలు జ్యేష్ఠంలోనే ఎక్కించేయండి. ఖర్చు చెప్పే వీడియో టైటిల్‌లో నెల, ఏడాది ఉండాలి. సిమెంటు, ఇనుము ధరలు మారినప్పుడల్లా కొత్త రేటు పిన్ చేసిన కామెంట్‌లో రాయండి.

ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ "ఏ వీడియో చూశారు? మీది ఏ ఊరు?" అని అడిగి పుస్తకంలో రాసుకోండి. వేల వ్యూస్ వచ్చినా ఫోన్లన్నీ మీరు వెళ్లలేని జిల్లాల నుంచే వస్తుంటే, టైటిల్‌లో మీ ఊరి పేరు చేర్చి, మీ దగ్గరి నేల గురించీ మీ మున్సిపాలిటీ పర్మిషన్ల గురించీ వీడియోలు పెంచండి. కొద్దిమందే చూసినా పని తెచ్చిన వీడియో కనిపిస్తే, తర్వాతి రెండు టాపిక్‌లు దాని కింద వచ్చిన కామెంట్లలోంచి తీసుకోండి.