స్వీడన్ పీహెచ్‌డీ ప్రకటనకు ఉత్తరం రాసేముందు జాగ్రత్తలు

స్వీడన్‌లో పీహెచ్‌డీ అంటే సీటు కాదు, ఉద్యోగం. విశ్వవిద్యాలయం ప్రకటన ఇచ్చి, జీతం మీద నాలుగేళ్ల పూర్తికాలపు చదువుకు మనిషిని తీసుకుంటుంది. బోధన వంటి శాఖ పనులు ఇరవై శాతం దాకా కలిస్తే అది ఐదేళ్లకు సాగుతుంది. ఈ తేడా మరిచిపోయి, అమెరికా దరఖాస్తుల కోసం రాసుకున్న ఎస్‌వోపీనే పేర్లు మార్చి పంపేవారు మనలో తక్కువేమీ కాదు. చిన్నప్పటి నుంచి సైన్సంటే ప్రాణమని మొదలయ్యే ఆ కాగితం ఇక్కడ అక్కరకు రాదు. చదివేవారి ముందు ప్రకటన పరిచి ఉంటుంది. అందులో అడిగినవి మీ దగ్గర ఉన్నాయా, ఉంటే రుజువేమిటి అని వారు ఒక్కొక్క పంక్తీ పట్టుకుని వెతుక్కుంటారు. నేను స్వీడన్‌లో పరిశోధన చేసిన రోజుల్లో మా గైడు కొన్ని దరఖాస్తులను నా చేత కూడా చదివించారు. వెతికినది మొదటి పేజీలో దొరకకపోతే ఎంత విసుగొస్తుందో అప్పుడు తెలిసింది.

పోయిన ఏడాది మా పిన్ని కూతురు ఇలాంటి ప్రకటన ఒకటి పంపి, తన దరఖాస్తు ఉత్తరం చూడమంది. భూగర్భజలాల్లోకి గ్రానైట్ రాయి నుంచి ఫ్లోరైడ్ ఎలా దిగుతుందన్నది ప్రాజెక్టు. హైదరాబాద్‌లో ఎంఎస్సీ జియాలజీ చదివిన ఆ అమ్మాయి, నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో బోరు నీళ్ల మీదనే డిసర్టేషన్ చేసింది. ఇంతకంటే సరిపోయే మనిషి దొరకడం కష్టం. అయినా తను రాసిన మొదటి ఉత్తరంలో మర్రిగూడ పేరు మూడో పేరాలో గానీ రాలేదు. మొదటి రెండూ నీటి విలువ గురించే.

రాయడానికి ముందు ప్రకటనను కోసి రెండు కుప్పలు పోయాలి. తప్పనిసరి అర్హతలు ఒక కుప్ప, ఉంటే మేలు అన్నవి ఇంకొకటి. స్వీడన్ ప్రకటనల్లో ఈ రెండో రకాన్ని మెరిట్ అనే మాటతో సూచిస్తారు. మొదటి కుప్పలో ఒక్కటి లేకపోయినా పక్కన పెట్టేస్తారు. రెండో కుప్ప, మొదటిది దాటినవారిలో ఎవరు ముందన్నది తేల్చడానికి. తన ప్రకటనలో తప్పనిసరి నాలుగు: సంబంధిత మాస్టర్స్ డిగ్రీ, PHREEQC వంటి సాఫ్ట్‌వేర్‌తో భూరసాయన మోడలింగ్‌లో అనుభవం, పైథాన్ గానీ ఆర్ గానీ, ఇంగ్లీషు. ఉంటే మేలు అన్నవి మూడు: ఫీల్డ్‌లో తిరిగి నమూనాలు తీసిన అనుభవం, అయాన్ క్రొమటోగ్రఫీ, డ్రైవింగ్ లైసెన్సు. మా చెల్లెలు ఫీల్డ్ పని గురించి పేజీ నింపి, PHREEQC గురించి ఒక్క వాక్యం రాసింది. తనకు ఇష్టమైనది ఎక్కువ రాసింది, వారికి కావలసినది తక్కువ. చాలామంది ఉత్తరాల్లో జరిగే తప్పు ఇదే.

డిగ్రీ దగ్గర ఇంకో మెలిక ఉంది. ప్రకటనలోని అర్హతలతో పాటు, డాక్టరేట్ చదువులో చేరడానికి స్వీడన్ ఉన్నత విద్యా నిబంధనల్లో సాధారణ అర్హత అని ఒకటి ఉంటుంది. మాస్టర్స్ స్థాయి పట్టా గానీ, మొత్తం 240 క్రెడిట్లు, వాటిలో కనీసం 60 మాస్టర్స్ స్థాయివి గానీ, లేదా వాటికి సమానమైనది గానీ ఉండాలి. అక్కడ ఏడాది చదువంటే 60 క్రెడిట్లు. బీటెక్ నాలుగేళ్లు కాబట్టి 240 వచ్చేసిందని లెక్కవేసుకునేవారు ఆ రెండో ముక్క దగ్గర ఆగి చూసుకోవాలి. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంఎస్సీ చేసినవారు ఉత్తరం మొదటి పేరాలోనే ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పేస్తే చదివేవారికి శ్రమ తప్పుతుంది. పట్టా ఇంకా చేతికి రాకపోతే, ఫలితాలు ఏ నెలలో వస్తాయో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఎప్పుడు పంపగలరో రాయండి. దరఖాస్తు గడువు నాటికే పట్టా ఉండాలా, చేరే నాటికి ఉంటే చాలా అన్నది ప్రకటనను బట్టి మారుతుంది. అది ముందే చదువుకోండి.

ఇక ఉత్తరం క్రమం. ప్రకటనలో అర్హతలు ఏ వరుసలో ఉన్నాయో ఉత్తరంలోనూ అదే వరుస. వారు పెట్టిన పేరే మీరూ వాడండి. వారు భూరసాయన మోడలింగ్ అని రాస్తే మీరు నీటి నాణ్యత సిమ్యులేషన్ అని కొత్త పేరు పెట్టవద్దు. పేరు వాడడం వేరు, వాక్యం ఎత్తి రాయడం వేరు. 'నాకు భూరసాయన మోడలింగ్‌లో మంచి అనుభవం ఉంది' అన్నది ప్రకటనను అద్దంలో చూపినట్లే తప్ప మీ గురించి ఏమీ చెప్పదు.

మా చెల్లెలు మొదట రాసిన వాక్యం సరిగ్గా అలాంటిదే. ఉత్తరం ఇంగ్లీషులోనే ఉంటుంది, ఇక్కడ భావం చెబుతున్నాను: 'నేను PHREEQC వాడగలను, దానిపై నాకు పట్టు ఉంది.' ఫోను చేసి అడిగాను, అసలు ఏం చేశావని. అరగంట చెప్పింది. చెప్పినదంతా కుదిస్తే పేరా ఇలా వచ్చింది: 'మర్రిగూడ మండలంలో 42 బోర్ల నుంచి నీరు తీసి, పీహెచ్, క్షారత అక్కడికక్కడే కొలిచాను. ధన, రుణ అయాన్ల లెక్క పది శాతానికి మించి తేడా వచ్చిన ఐదు నమూనాలను పక్కన పెట్టాను. మిగిలిన 37 నమూనాలకు phreeqc.dat డేటాబేసుతో ఫ్లోరైట్, కాల్సైట్ ఖనిజాల సంతృప్తతా సూచికలు లెక్కించాను. ఫలితాలు డిసర్టేషన్ నాలుగో అధ్యాయంలో ఉన్నాయి, జతచేశాను.'

ఈ పేరాలో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఈ పని తెలిసినవారికి చాలా విషయాలు తెలిసిపోతాయి. పీహెచ్ బోరు దగ్గరే కొలిచిందంటే, సీసాలో నీరు నిలవుంటే విలువ మారుతుందని తనకు తెలుసు. ఐదు నమూనాలు వదిలేసిందంటే, వచ్చిన అంకెనల్లా నమ్మే మనిషి కాదు. ఒక్కో అర్హతకు ఇలా ఏం చేశారు, ఎన్నింటి మీద, దేనితో, రుజువు ఏ కాగితంలో అన్న నాలుగూ చెప్పగలిగితే చాలు. నాలుగూ చెప్పలేని అర్హత ఉంటే, అది మీకు నిజంగా ఉందో లేదో మీరే ఒకసారి ఆలోచించుకోవాలి.

అలాంటిది తనకూ ఒకటి తగిలింది. ప్రాజెక్టు వివరణ రెండో పేరాలో, ప్రయోగశాలలో రాతిపొడి నింపిన గొట్టాల గుండా నీటిని పంపి, ఫ్లోరైడ్ కదలికను మోడల్ చేయాలని ఉంది. అర్హతల జాబితాలో ఈ మాట లేదు. అందుకే అర్హతలతో సరిపెట్టుకోకుండా ప్రాజెక్టు వివరణలోని క్రియాపదాల కింద కూడా గీత గీసుకోవాలి. నాలుగేళ్లు చేయబోయే పని ఉండేది అక్కడే. తను చేసింది నిలకడగా ఉన్న నీటి లెక్క. కదిలే నీటి లెక్క, అంటే రవాణా మోడలింగ్, PHREEQC తో పాటు వచ్చే ఉదాహరణలు నడిపి చూడడం వరకే.

"అన్నయ్యా, ఆ సంగతి రాస్తే నాకు రాదని నేనే ఒప్పుకున్నట్లు కదా?" అంది.

ఒప్పుకున్నట్లే. కానీ దాచినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. మొదటి పేరాలో సంపాదించిన నమ్మకం కూడా దాంతో పోతుంది. రాయవలసిన తీరు వేరు: ఏది చేశారు, ఏది చేయలేదు, ఆ రెంటి మధ్య దూరం ఎంత. 'రవాణా లెక్కలను సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఉదాహరణల మీద మాత్రమే చేశాను, సొంత దత్తాంశంతో చేయలేదు' అని ఒక వాక్యం రాయించాను. దాని తర్వాత 'త్వరగా నేర్చుకుంటాను' అని ఉంటే కొట్టేయించాను. ఆ మాట అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. బదులుగా, పైథాన్ ఎప్పుడు మొదలుపెట్టి ఎన్ని నెలల్లో ఆ 37 నమూనాల గ్రాఫులు గీసిందో రాసింది. అయితే ఈ ఒప్పుకోలు తప్పనిసరి అర్హతల విషయంలో పనిచేయదు. అక్కడ లోటుంటే ఉత్తరం ఎంత బాగున్నా లాభం లేదు. ఆ సమయాన్ని ఇంకో ప్రకటనకు వాడుకోవడం మంచిది.

ఈ ప్రాజెక్టే ఎందుకన్న పేరా ఒకటి ఉండాలి, అదీ చిన్నదిగా. నల్లగొండ ఫ్లోరైడ్ బాధను వర్ణించి కంటతడి పెట్టించే ప్రయత్నం అక్కడ వద్దు. స్వీడన్ ఆగ్నేయాన కాల్మార్ వైపు గ్రానైట్ ప్రాంతాల్లోనూ బావినీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువే, వారికి ఆ సమస్య కొత్త కాదు. తన దత్తాంశం నుంచి పుట్టిన ప్రశ్న ఒకటి రాయమన్నాను. మర్రిగూడలో కాల్సైట్ పేరుకుని నీటిలో కాల్షియం తగ్గుతుంది, దాంతో ఫ్లోరైట్ ఇంకా కరుగుతుంది. చల్లటి, తేమ నేలలో ఆ లంకె అంతే గట్టిగా ఉంటుందా? మూడు వాక్యాల్లో ముగిసింది. ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

మెరిట్ అంశాలకు తలా ఒక వాక్యం చాలు. డ్రైవింగ్ లైసెన్సును చిన్నచూపు చూడవద్దు. నమూనాల కోసం బస్సు వెళ్లని చోట్లకు పోవాలి కాబట్టే అడుగుతారు. మన లైసెన్సు అక్కడ నివాసం నమోదైన నాటి నుంచి ఏడాది వరకే చెల్లుతుంది. కాబట్టి ఉందని రాస్తూ, భారతీయ లైసెన్సు అని కూడా రాయండి.

మనవాళ్లు ఊహించని జాగ్రత్త ఇంకొకటి. స్వీడన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు పంపిన దరఖాస్తు సాధారణంగా బహిరంగ పత్రం అవుతుంది. అడిగితే తోటి అభ్యర్థికి కూడా చూపిస్తారు. ఆధార్ నంబరు, తండ్రి పేరు, కులం, పెళ్లి వివరాలు, ఆరోగ్య సంగతులు ఉత్తరంలోకి రానివ్వవద్దు. పాత గైడు మీద ఫిర్యాదు కూడా అంతే. రిఫరెన్సు ఇచ్చేవారి ఫోను నంబరు పెట్టేముందు వారిని ఒక మాట అడగండి. సంబోధనలో మన అలవాటు కొద్దీ సర్ అని రాసేస్తాం, చదివేది మేడమ్ కావచ్చు. ప్రకటనలో ఉన్న పూర్తి పేరుతో మొదలుపెడితే ఆ చిక్కు లేదు.

ముగించాక ప్రకటన రిఫరెన్సు నంబరు, ప్రాజెక్టు పేరు, విశ్వవిద్యాలయం పేరు మూడూ వేలు పెట్టి చూసుకోండి. నా మొదటి దరఖాస్తులో చివరి పేరాలో ఇంకో విశ్వవిద్యాలయం పేరు ఉండిపోయింది. పంపిన మర్నాడు చూసుకున్నాను. పేజీల పరిమితి చెప్పి ఉంటే దాన్ని దాటవద్దు, అక్షరాల సైజు తగ్గించి ఇరికించవద్దు. గడువు రాత్రి 23:59 అని ఉంటే అది స్వీడన్ సమయం. మనకు చలికాలంలో మర్నాడు తెల్లవారుజామున 4:29, వేసవిలో 3:29. మా చెల్లెలు ముందు రోజు సాయంత్రమే పంపింది. పంపాక పోర్టల్ నుంచి పీడీఎఫ్‌ను మళ్లీ దించుకుని తెరిస్తే, డిసర్టేషన్ జతచేసిన చోట హాల్ టికెట్ ఉంది. మార్చడానికి ఇంకా ఒక రోజుంది.