ఉమ్మడి ఆస్తిలో విడిపోని వాటాకు వీలునామా: ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

పంపకం జరగని ఉమ్మడి ఆస్తిలో తన వాటాను హిందువు వీలునామా ద్వారా ఎవరికైనా ఇవ్వవచ్చు. మిగతా వాటాదారుల సంతకాలు అక్కర్లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఈ హక్కు ఇచ్చింది. అంతకుముందు పాత ధర్మశాస్త్రం ప్రకారం ఆ వాటా మిగిలిన సహదాయాదులకే, అంటే ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఉన్నవారికే, పోయేది కాబట్టి, వీలునామా రాసినా పనిచేసేది కాదు. ఇప్పుడు హక్కు ఉన్నా తగాదాలు వస్తున్నాయంటే, చాలావరకు వీలునామా రాసిన తీరే కారణం.

సమస్య: "మొత్తం ఆస్తి పెద్దబ్బాయికే" అని రాశారు, కూతురు కోర్టుకు వెళ్లింది

కారణం: తండ్రి తనది కానిదాన్ని కూడా రాసేశారు. పిత్రార్జితంలో కొడుకులకూ కూతుళ్లకూ పుట్టుకతోనే వాటా ఉంటుంది. కూతుళ్లకు ఈ హక్కు దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి ఇంటి పెద్దగా, అంటే కర్తగా, ఆస్తి మొత్తాన్ని చూసుకుంటారు తప్ప మొత్తానికి యజమాని కారు.

ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 8 ఎకరాల పిత్రార్జిత మాగాణి, పంపకం కాలేదు. తండ్రి చనిపోవడానికి సరిగ్గా ముందు క్షణంలో పంపకం జరిగినట్టు చట్టం ఊహిస్తుంది. ఆ ఊహా పంపకంలో తండ్రికి, ముగ్గురు పిల్లలకు నాలుగో వంతు చొప్పున 2 ఎకరాలు వస్తాయి. ఇలాంటి పంపకంలో భార్యకు వాటా ఇచ్చే ఆచారం మన దక్షిణాదిలో ఎప్పుడో వాడుక తప్పింది కాబట్టి తల్లి ఈ మెట్టులో లెక్కలోకి రారు.

వీలునామా పనిచేసేది తండ్రి తాలూకు ఆ 2 ఎకరాల మీదే. "మొత్తం 8 ఎకరాలు పెద్దబ్బాయికి" అని రాసినంత మాత్రాన వీలునామా అంతా కొట్టుకుపోదు. తండ్రి వాటా మేరకు నిలబడుతుంది. పెద్దబ్బాయికి తన 2, తండ్రి 2 కలిసి 4 ఎకరాలు. చిన్నబ్బాయికి 2, కూతురికి 2. తల్లికి భూమి రాదు. వీలునామాయే లేకపోతే తండ్రి 2 ఎకరాలు తల్లికీ ముగ్గురు పిల్లలకూ సమానంగా 50 సెంట్ల చొప్పున పంచబడేవి. వీలునామాతో మారేది ఆ 2 ఎకరాల దారి మాత్రమే.

పరిష్కారం: కూతురు వీలునామా మొత్తాన్ని రద్దు చేయమని పోరాడటం కంటే తన 2 ఎకరాలకు పార్టిషన్ దావా వేయడం గట్టి దారి. వీలునామా నిజమైనదే అని తేలినా ఆ 2 ఎకరాలు ఎక్కడికీ పోవు. తల్లి విషయం వేరు. వీలునామాలో ఏమీ దక్కకపోతే, భర్త వాటా తీసుకున్నవారి నుంచి ఆ ఆస్తి మీద పోషణ అడిగే హక్కు ఆమెకు ఉంది. 1956 నాటి దత్తత, పోషణల చట్టం 22వ సెక్షన్ ఇందుకు ఆధారం. వీలునామా రాసేటప్పుడే భార్యకు జీవితకాల ఆదాయమో కొంత భూమో చూపిస్తే ఈ రెండో దావా రాదు.

సమస్య: అసలది పిత్రార్జితమేనా అన్నదగ్గరే వాదన

వాటా లెక్కకు ముందు ఇది తేలాలి. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకోవడం చాలా మామూలు పొరపాటు. తాత తన స్వార్జితాన్ని వదిలి 1956 జూన్ 17 తర్వాత వీలునామా లేకుండా చనిపోతే, ఆ ఆస్తి తండ్రికి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద సొంత ఆస్తిగా వస్తుంది. మనవళ్లకు అందులో పుట్టుకతో హక్కు లేదు. 1986లో చందర్ సేన్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే చెబుతోంది. అలాంటి ఆస్తి అన్నదమ్ముల మధ్య పంపకం కాకపోయినా, ఎవరి వంతు వారి సొంతమే. అది మొత్తం వీలునామాకు లోబడుతుంది. అన్నదమ్ములు డబ్బు వేసుకుని కలిసి కొన్న స్థలానికీ ఇదే వర్తిస్తుంది.

అందుకే లింకు దస్తావేజులు, తాత మరణ ధ్రువపత్రం, పాత పట్టా వివరాలు ముందు పోగు చేసుకోండి. తాత ఎప్పుడు పోయారు, ఆయనకు ఆ భూమి ఎలా వచ్చింది అన్న రెండు ప్రశ్నల మీదే సగం కేసు తేలిపోతుంది.

సమస్య: వీలునామాలో "తూర్పు వైపు 2 ఎకరాలు" అని రాశారు, రెవెన్యూలో పేరు ఎక్కడం లేదు

విడిపోని వాటాకు నేల మీద చోటు ఉండదు. తూర్పు చెక్క ఎవరిదో పంపకంలోనే తేలాలి, దాన్ని ఒక్కరు ఏకపక్షంగా ఎంచుకోలేరు. "నాలుగో వంతు" అని అంకె వేయడం కూడా ప్రమాదమే. వీలునామా రాసిన రోజుకు కాక, మరణించిన రోజుకు వాటా లెక్క కడతారు. ఈలోగా ఒక సహదాయాది పుట్టినా, పోయినా ఆ వంతు మారిపోతుంది. పంపకం జరిగి తండ్రికి వేరే సర్వే నంబరులో భూమి వస్తే, పాత సర్వే నంబరు చెప్పే వీలునామాకు పట్టుకోవడానికి ఆస్తే మిగలదు.

ఇలా రాయిస్తే ఈ మూడు చిక్కులూ తప్పుతాయి: "షెడ్యూలులోని ఉమ్మడి ఆస్తిలో నా మరణ సమయానికి చట్టప్రకారం నాకు రావలసిన అవిభక్త వాటా యావత్తూ, ఈలోగా పంపకం జరిగితే నా భాగానికి వచ్చిన ఆస్తి యావత్తూ నా కుమార్తెకు చెందవలెను." షెడ్యూలులో మొత్తం ఉమ్మడి ఆస్తి సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు ఇవ్వండి.

తర్వాత మిగతావారు ఒప్పుకుంటే రిజిస్టరు పంపకం పత్రం, ఒప్పుకోకపోతే పార్టిషన్ దావా. దావాలో ప్రిలిమినరీ డిక్రీ వంతులు తేలుస్తుంది. ఫైనల్ డిక్రీలో కమిషనర్ కొలిచి చెక్కలు వేస్తారు. పాస్‌పుస్తకంలో ఎవరి పేరు ఉందన్నది హక్కును తేల్చదు.

సమస్య: వీలునామా ఎందుకని దాన సెటిల్‌మెంట్ చేశారు, ఇప్పుడు చెల్లదంటున్నారు

చెల్లదనే మాట నిజమే. అవిభక్త పిత్రార్జిత వాటాను మిగతా సహదాయాదుల సమ్మతి లేకుండా దానం చేయడం చెల్లదని 1987లో తమ్మా వెంకట సుబ్బమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. రిజిస్ట్రేషన్ అయినా ఫలితం మారదు. దాత బతికి ఉంటే ఇప్పుడైనా వీలునామా రాయవచ్చు. బతికుండగానే ఇవ్వాలంటే ముందు పంపకం చేసుకుని, తన భాగాన్ని దానం ఇవ్వాలి.

పెళ్లయిన కూతురు కూడా పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో తన వాటాకు వీలునామా రాయవచ్చు. భార్య మాత్రం భర్త బతికుండగా అతని పిత్రార్జితంలో తనకంటూ వాటా ఉన్నట్టు రాయలేదు.

సమస్య: వాటా సరిగానే రాశారు, కానీ వీలునామా రుజువు కావడం లేదు

కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసిన వ్యక్తి సంతకం చేయడం, లేదా ఇది తన సంతకమేనని ఒప్పుకోవడం వాళ్లు చూసి ఉండాలి. ఆయన సమక్షంలో తామూ సంతకం చేయాలి. కోర్టులో వారిలో ఒకరైనా వచ్చి చెప్పాలి. రాయసగాడి సంతకం దానంతటది సాక్షి సంతకం కాదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించడం మంచిదే. కానీ లాభం పొందే కొడుకే దగ్గరుండి అంతా నడిపితే, రిజిస్టరు వీలునామా మీద కూడా కోర్టుకు అనుమానం వస్తుంది. రాసేవారి కంటే వయసులో చిన్నవారిని, అందుబాటులో ఉండేవారిని, ఆస్తిలో ఏమీ దక్కనివారిని సాక్షులుగా పెట్టండి.

ఈ లెక్కంతా హిందువులకే. ముస్లింలు అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వీలునామా రాయగలరు. సున్నీల్లో అదీ వారసుడు కానివారికే. అంతకు మించి ఇవ్వాలన్నా, వారసుల్లో ఒకరికి ఇవ్వాలన్నా మిగతా వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవుల్లో సహదాయాది పద్ధతి లేదు కనుక ఉమ్మడిగా ఉన్న ఆస్తిలో తమ వంతు మొత్తానికి రాసుకోవచ్చు.