మాటా పలుకూ లేకుండా వచ్చిన చలాన్ స్క్రీన్‌షాట్: అసలుదా, నకిలీదా?

సమస్య

అనంతపురం నుంచి మా చిన్నాయన వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ముందూ వెనకా ఒక్క మాట లేదు. అందులో ఆయన స్కూటర్ నంబరు, హెల్మెట్ లేనందుకు వెయ్యి రూపాయల జరిమానా, ఈరోజే కట్టకపోతే బండి సీజ్ చేస్తామన్న హెచ్చరిక, కింద ఒక లింకు. ఫోన్ చేస్తే గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "కట్టాల్నా, వద్దా? చెప్పు నాయనా" అన్నాడు.

కారణం

బండి నంబరు కరెక్టుగా ఉందని నమ్మేశాడు. నంబరు ప్లేటు రోడ్డు మీద ఎవరికైనా కనబడేదే కదా. చూడాల్సింది లింకు. అసలు సైటు `echallan.parivahan.gov.in`. చిన్నాయనకు వచ్చిన లింకులో పరివాహన్ అన్న మాట ఉంది కానీ, `https://` తర్వాత వచ్చే మొదటి `/` గీతకు సరిగ్గా ముందు `.gov.in` లేదు. ఇలాంటి మెసేజ్‌తో ఏపీకే, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు వస్తే అది కచ్చితంగా మోసమే.

పరిష్కారం

"చిన్నాయనా, ఆ లింకు నొక్కొద్దు, ఆర్‌సీ ఫోటో పంపు" అన్నాను. మెసేజ్‌లోని లింకు కాకుండా, సైటు పేరు నేనే టైప్ చేశాను. బండి నంబరుతో వెతికితే ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులో చివరి ఐదు అంకెలు అడుగుతుంది. రెండూ ఆర్‌సీలో ఉంటాయి. ఓటీపీ అడిగితే అది ఈ సైటు కోసమే వచ్చిందని చూసుకుని ఇవ్వండి.

స్క్రీన్‌షాట్‌లోని చలాన్ అక్కడ లేదు. కానీ పది రోజుల కిందటిది ఇంకొకటి ఉంది! ఫోటో తెరిస్తే చిన్నాయన స్కూటరే. హెల్మెట్ తలమీద లేదు, కాళ్ల దగ్గర కొక్కేనికి వేలాడుతోంది. నకిలీ అని తేలగానే వదిలేసి ఉంటే ఇది తెలిసేదే కాదు. మోటారు వాహనాల చట్టం 194D సెక్షన్ కింద దీనికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు సస్పెన్షన్ కూడా ఉండొచ్చు.

గడువు విషయానికొస్తే, "ఈరోజే" అన్నది భయపెట్టే మాట. కట్టకుండా ఉంటే కేసు కోర్టుకు పోవచ్చు, బండి అప్పటికప్పుడు సీజ్ కాదు. కోర్టుకు పంపినట్టు చూపిస్తే `vcourts.gov.in`లో వెతకాలి. చిన్నాయనది పెండింగ్‌లోనే ఉంది, పరివాహన్ సైటులోనే కట్టి రసీదు ఆయనకు పంపాను. ఫోటోలో బండి మనది కాకపోతే మాత్రం కట్టొద్దు, అక్కడే ఫిర్యాదు పెట్టాలి.

ఇప్పటికే లింకు నొక్కి కార్డు వివరాలు ఇచ్చినా, ఏపీకే వేసుకున్నా ముందు ఫోన్‌లో నెట్ ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించగలిగేది ఆ మొదటి గంటల్లోనే.