సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాక "అది నాది" అని అసలు ఓనర్ వస్తే: బండి ఎవరిదో ఎలా తేల్చుకోవాలి?

డబ్బు మొత్తం కట్టి బైక్ కొన్నారు. నెల తర్వాత ఒకాయన వచ్చి, ఆర్‌సీ చూపించి, "ఈ బండి నాది, నేను అమ్మలేదు" అంటున్నాడు. టెన్షన్ పడి తాళం ఇచ్చేయకండి, గొడవా పెట్టుకోకండి. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టండి: మీకు అమ్మినవాడి చేతికి ఆ బండి ఎలా వచ్చింది?

1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 27వ సెక్షన్ చెప్పే మూల సూత్రం ఇది: అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మీ బండి వాటిలోకి వస్తుందో లేదో ఈ వరుసలో చూసుకోండి.

1. దొంగతనమా?

వచ్చినాయన్ని ఎఫ్ఐఆర్ కాపీ అడగండి. అందులోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బండి మీదున్న వాటితో పోల్చండి. అవి కలిసి, దొంగతనం నిజమని తేలితే బండి మీది కాదు. మధ్యలో పది చేతులు మారినా, మీరు పూర్తి ధర కట్టినా అంతే. అలాగని దాన్ని నేరుగా ఆయన చేతిలో పెట్టకండి. పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, రసీదు తీసుకోండి.

2. వాడుకోవడానికో, రిపేర్‌కో ఇచ్చాడా?

మెకానిక్‌కు సర్వీసింగ్‌కు ఇచ్చిన బండిని అతను అమ్మేసినా, స్నేహితుడికి రెండు రోజులకని ఇస్తే అతను అమ్మేసినా, కొన్నవాడికి హక్కు రాదు. బండి ఇష్టంగానే ఇచ్చి ఉండొచ్చు, కానీ అమ్మకం పని అప్పగించలేదు కదా.

3. అమ్మిపెట్టమని కన్సల్టెన్సీలో పెట్టాడా?

ఎక్కువ పేచీలు ఇక్కడే వస్తాయి కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. రమేష్ తన బైక్‌ను, తాళాన్ని, ఆర్‌సీని కన్సల్టెన్సీ అతనికి ఇచ్చి, "60,000కు తక్కువైతే అమ్మకు" అన్నాడు. అతను 54,000కే మీకు అమ్మి, డబ్బుతో షాపు మూసేసి పోయాడు. బండి మీదే. ఎందుకంటే అమ్మడం అతని వ్యాపారం, బండి అతని దగ్గరికి ఓనర్ ఒప్పుకోలుతోనే వచ్చింది, షాపులో మామూలు పద్ధతిలోనే అమ్మాడు, ఆ 60,000 షరతు మీకు తెలియదు. రమేష్ వెళ్లాల్సింది కన్సల్టెన్సీ అతని మీదికే.

ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా మీ వాదన కూలిపోతుంది. ఆ బండినే రాత్రి పదకొండింటికి రోడ్డు మీద, కాగితాలు లేకుండా, 20,000కు కొని ఉంటే "నాకేం తెలియదు" అన్న మాట కోర్టు నమ్మదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బండి అమ్మకానికి పెట్టినా, ఆర్‌సీ మాత్రం ఓనర్ ఒప్పుకోకుండానే డీలర్ చేతికి వెళ్లి ఉంటే? ఇలాంటి కేసులో 1950లో ఇంగ్లాండ్ కోర్టు కొన్నవాడికి హక్కు లేదంది. అందుకే కొనేముందే ఓనర్‌కు ఫోన్ చేసి మాట్లాడండి, ఫారం 29, 30 మీద ఆయనతో మీ ఎదుటే సంతకాలు పెట్టించండి. బండి మీదని తేలినా, ఆ సంతకాలు లేకపోతే ఆర్టీఏలో పేరు మార్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

4. మోసపోయి అమ్ముకున్నాడా?

చెల్లని చెక్కు ఇచ్చి ఓనర్ దగ్గర బండి కొన్న మోసగాడు దాన్ని మీకు అమ్మాడనుకోండి. ఇది దొంగతనం కాదు. ఓనర్ తనంతట తాను అమ్మాడు, కాకపోతే మోసపోయి అమ్మాడు. ఆ ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు ఆయనకుంది. రద్దు చేయకముందే, సంగతి తెలియక మీరు కొని ఉంటే 29వ సెక్షన్ ప్రకారం బండి మీదే. కాబట్టి ఇక్కడ తేదీలే అన్నీ తేలుస్తాయి. 1960లో ఇంగ్లాండ్‌లో ఒక జాగ్వార్ కారు ఇలాగే చేతులు మారింది. చెక్కు చెల్లలేదని తెలిసిన వెంటనే ఓనర్ పోలీసులకు చెప్పాడు. మోసగాడు దొరక్కపోయినా ఆ ఫిర్యాదుతోనే ఒప్పందం రద్దయిందని కోర్టు తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ ఆ వాదన మీకూ ఎదురుకావచ్చు. మీరు కొన్న తేదీకి రుజువుగా యూపీఐ రసీదు, అమ్మకం కాగితం దాచుకోండి.

5. పోలీసులు బండి తీసుకెళ్తే

మూడు, నాలుగు సందర్భాల్లోనూ కేసు నడుస్తుండగా బండి సీజ్ కావచ్చు. దాన్ని తాత్కాలికంగా అప్పగించమని మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయండి. అక్కడ తేలేది బండి ఎవరి దగ్గర ఉండాలన్నదే. అది ఎవరి సొత్తో తేల్చేది సివిల్ కోర్టు.

6. బండి పోతే డబ్బు రాబట్టండి

అమ్మేవాడికి అమ్మే హక్కు ఉండాలన్నది ప్రతి అమ్మకంలోనూ, కాగితం మీద రాయకపోయినా, ఉండే షరతు. చట్టంలో అది 14వ సెక్షన్. కాబట్టి మీకు అమ్మినవాడికి నోటీసు ఇచ్చి పూర్తి ధర అడగండి. "ఇన్నాళ్లు వాడుకున్నావుగా" అని తగ్గించబోతే ఒప్పుకోకండి. 1923 నాటి ఒక ఇంగ్లాండ్ తీర్పులో, దొంగ కారును కొన్ని నెలలు వాడిన కొనుగోలుదారుకు కట్టిన 334 పౌండ్లూ వెనక్కి వచ్చాయి. ఆయన కొన్నది వాడకాన్ని కాదు, యాజమాన్యాన్ని. అదేమో ఆయనకు దక్కనే లేదు.